నిశ్చయతాంబూలమున కందపద్యము

పద్యవిద్య నభ్యసించిన కుటుంబములు కొన్ని మా గోదావరి ప్రాంతమున నుండెడివి. వారి యిండ్లలో నిశ్చితార్థమునాడు రెండు పత్రములు చదువుట యాచారము. మొదటిది లగ్నపత్రిక. పురోహితుడు నాలుగు మూలలకును పసుపు పూసిన కాగితముపై సంవత్సర మాస పక్ష తిథి వార నక్షత్రములను, ముహూర్తలగ్నమును, ఉభయవంశముల గోత్రములను, ముత్తాత మొదలు తండ్రివరకు గల పేర్లను వరుసగా వ్రాసి, గణపతిపూజానంతరము సభవారందఱును వినునట్లు చదివి, తాంబూలముతో కూడ వరుని తండ్రి చేతిలో నుంచును. రెండవది పద్యపత్రము. కన్యపక్షమువారొక పద్యమును, దానికి ప్రత్యుత్తరముగా వరపక్షమువారు మఱియొక పద్యమును వ్రాసి యీయగా, ఆ రెంటిని ఇరుపక్షములకును మాననీయుడైన వృద్ధుడొకడు చదివి వినిపించును. పరిణయ మేదినమున, ఏ ఘడియలలో జరుగవలెనో మొదటి పత్రము చెప్పును. ఆ దినము గడచిన పిమ్మట ఇరుకుటుంబములవారు ఒకరియెడ నొకరు ఎట్లు మెలగవలెనో రెండవది చెప్పును.

ఈ రెండవ పత్రమును గూర్చియే నేను వ్రాయదలచితిని. ఛందోబద్ధమైన పద్యమున హృదయమునకు చోటుండదనియు, గణములు లెక్కించుకొను వేళ మమత ఇంకిపోవుననియు తలచువారు కలరు. నిశ్చయసభలో నేను విన్న రెండు కందపద్యములు ఈ తలంపు సరికాదని నాకు బోధించినవి. పిల్లను పెంచినవాడు ఆమెను చేకొనువానితో చెప్పవలసిన మాట ఒకటి ఎల్లప్పుడును ఉండును. సభామధ్యమున సాధారణవచనములో ఆ మాట నోటికి రాదు. వచ్చినను, ప్రార్థనయో ఆజ్ఞయో తెలియక వినువారికి ఇబ్బంది కలిగించును. పద్యమునకుగల మర్యాద ఆ మాటకు ఆసనమిచ్చి కూర్చుండబెట్టును.

నే నెఱిగిన ఆ సంబంధమున కన్యకు పితామహుడు పాఠశాలలో తెలుగు పండితుడుగా నుండి విశ్రాంతి గొన్నవాడు; వరుని పెదతండ్రియు పద్యము చెప్పగలవాడే. ఆ తరమువారికి ఈ విద్య యబ్బుటకు కారణము లేకపోలేదు. తిరుపతి వేంకటకవులు ఊరూరను అవధానములు చేసి, పద్యమును పండితుల యింటినుండి ఊరిచావడికి తెచ్చిరి. వారి పాండవనాటకములలోని పద్యములు రంగస్థలముపై విని, అక్షరము రానివారును రాగముతో చదువుకొనిరి. అట్టి వాతావరణమున పెరిగిన బడిపంతులకు, కరణమునకు, శుభకార్యసందర్భమున నాలుగు పాదములు కట్టుట వింత కాదు. వివాహములలో బంధుమిత్రులు పంచరత్నములని, నవరత్నములని పేర్లుపెట్టి రంగుకాగితములపై అచ్చువేయించి పంచిన పద్యములను ఆ కాలపువారెల్లరును ఎఱుగుదురు. నిశ్చయపద్యము మాత్రము అచ్చుకెక్కలేదు. అది చేతివ్రాతతోనే యుండును. దానిని చదువుటకు ఒక కంఠము, వినుటకు రెండు కుటుంబములు చాలును.

పద్యరచన యిట్లు జరిగినది. నిశ్చయమునకు కొన్నాళ్లు ముందుగా కన్యాపితామహుడు వరుని పెదతండ్రికి కబురు పంపెను. కబురులో పద్యము లేదు. కందమని ఛందస్సును, ‘ల్ల’ అని ప్రాసాక్షరమును మాత్రమే తెలిపెను. పద్యములోని ప్రతిపాదమునందును రెండవ అక్షరముగా ఆ ద్విత్వలకారమే నిలువవలెను. ఉత్తరమిచ్చువాడు అదే ఛందస్సున, అదే ప్రాసతో వ్రాయుట ఆ యింటి సంప్రదాయము. మొదటి పద్యములోని భావమేమో సభలో విన్నదాక వానికి తెలియదు. తెలిసిన పిమ్మట తాంబూలములు మారులోపల ఉత్తరము పూర్తిచేయవలెను. తల్లి, పిల్ల, ఇల్లు, ఉల్లము, చల్లన, మెల్లన, మల్లె అను మాటలన్నియు ఆ యొక్క ప్రాసలో నొదిగియున్నవి. పెండ్లిమాటలకు ఇంతకంటె అనుకూలమైన అక్షరము దొరకుట యరుదు. ఆ అక్షరమును ఎన్నుకొనుటలోనే పండితుడు అవతలివానికి దారి సుగమము చేసెను. కఠినప్రాసనిచ్చి వియ్యంకుని పరీక్షింపవచ్చును. ఆయన అట్లు చేయలేదు. పద్యము పుట్టకమునుపే దానిలో స్నేహముండెననుటకు ఇదియే సాక్ష్యము.

కందమునే ఎన్నుకొనుటకును హేతువు కలదు. సభకు ఠీవి తెచ్చునవి శార్దూలమత్తేభములు; వర్ణనకు విశాలమైనది సీసము. కాని కందము చిన్నది. సుమతీశతకము కందములలోనే యుండుటచేత, పలకపట్టిన ప్రతి పిల్లవానికిని ఆ నడక బాల్యమునుండి చెవిలో నాటుకొనియుండును. ఇంటిలోని ఆడవారును, అమాయకులైన పిల్లలును, పొలము పనిచూచుకొను చిన్నాన్నయు ఒక్కమాఱు విని పట్టుకొనదగిన పద్యమది. మొదటి గణమును గూర్చి మాత్రము పండితుడు జాగ్రత్త వహించెను. శుభకావ్యము భగణముతో ఆరంభించిన మేలని లాక్షణికులు చెప్పుదురు. దానికి అధిదేవత చంద్రుడు. రెండు పద్యములును భగణముతోనే మొదలైనవి.

సభలో చదువబడిన మొదటి పద్యమిది:

తల్లి యొడి నాడు పిల్లను
జల్లని మీ యింటి కొసఁగ సంతస మయ్యెన్;
గల్లల నెఱుఁగని బాలను
మెల్లగ దిద్దుకొని మీరె మేలొనరుపుఁడీ!

దీనిలో కన్యను గూర్చిన స్తుతి మిక్కిలి స్వల్పము. రూపగుణవర్ణన లేదు, కులప్రశంస లేదు, వరుని విద్యను గాని వానివారి సిరిని గాని మెచ్చిన మాట లేదు. ఉన్నదంతయు ఒక అభ్యర్థన. నాలుగవ పాదమున మొదట తాను వ్రాసికొన్న భావము వేఱని ఆ వృద్ధపండితుడే తరువాత చెప్పెను. పిల్ల తప్పుచేసిన సైరింపుడని మొదటి చిత్తులో నుండెనట. దానిని కొట్టివేసెను. శుభసభలో తప్పు అను శబ్దము వినబడరాదనుట ఒక కారణము. రెండవ కారణము ఇంతకంటె లోతైనది. తప్పు సైరింపుమని ముందుగానే వేడుట, తప్పు జరుగునని ఒప్పుకొనుటయే యగును. మఱియు సైరించువాడు ఎత్తైన పీఠముపై నుండిపోవును. దిద్దుకొనుడన్నచో ఆ పీఠము దిగి, పిల్లను తనదానిగా చేసికొని, ప్రక్కన కూర్చుండి నేర్పవలసిన భారము అవతలివారిపై పడును. ‘మెల్లగ’ అనుట ఆ భారమునకు పెట్టిన కట్టుబాటు. అత్తవారింటిపై షరతు విధించిన తండ్రిని లోకము మెచ్చదు. పద్యములో ఆ షరతే వినయముగ వినబడినది.

ఇప్పుడు చదివిన వృద్ధుని సంగతి చెప్పవలెను. ఆయన ఏ పక్షమునకును చేరినవాడు కాడు. ఊరిలో అందఱికంటె పెద్దవాడు. ఎవరి పద్యమును వారు చదువరాదనుట అక్కడి నియమము. తన పద్యమును తానే చదువువాడు మెప్పునకై రాగము తీయును. ప్రార్థన ప్రదర్శనమై పోవును. ఆయన రాగము తీయలేదు. పద్యమును రెండుమాఱులు చదివెను. మొదటిమాఱు పాదములు పాదములుగ, లఘుగురువులు స్పష్టముగా వినబడునట్లు. రెండవమాఱు అన్వయము తెలియునట్లు విఱిచి, మాటలాడువాని స్వరముతో.

తెలుగుపద్యమున యతి యన్నది అక్షరమైత్రియే గాని విరామము కాదు. యతిస్థానమున మాట తెగవలెనను నిర్బంధమును లేదు. కాని ఈ పద్యములో రెండవ నాలుగవ పాదములయందు యతిస్థానమున మాటయు తెగినది. రెండవ పాదమున ‘ఒసఁగ’ అన్నంతట ఆగి, ‘సంతస మయ్యెన్’ అని చదువుటకు వీలు కలిగినది. వృద్ధుడు అక్కడ ఆగెను. పిల్ల నిచ్చుటకును, సంతోషమైనదని చెప్పుటకును నడుమ ఆయన ఉంచిన ఆ ఎడమున, చెప్పబడని దుఃఖమంతయు ఇమిడెను. కన్యాపిత తలవంచుకొనియుండెను. ఇచ్చుట కష్టమని పద్యము చెప్పలేదు. చెప్పుట అమర్యాద యగునేమో. అయినను సభలో ఆ కష్టమును గ్రహింపనివాడు లేడు. నాలుగవ పాదమున ‘మీరె’ అని మరల ఆగెను. ఇక మీరు తప్ప వేఱెవ్వరును లేరను భావము ఆ విరామము వలననే వినబడినది.

మూడవ పాదమున చదువరికి ఒక చిక్కు కలదు. ‘కల్ల’ అసత్యమగుటచే, ఆ శబ్దము శుభసభలో ఒంటిగా వినబడిన బాగుండదు. ‘కల్లల’ అని ఊపిరి తీసికొన్నచో ‘నెఱుఁగని’ అను నిషేధము వెనుకబడిపోవును. కందమున బేసిపాదములకు యతి లేదు. కావున వృద్ధుడు ఆ మూడు గణములను ఒక్క ఊపిరిలో నడిపించి, ‘బాలను’ అన్నదాక నిలువలేదు. పద్యము వ్రాసినవాని జాగ్రత్త యెంతయో చదివినవాని జాగ్రత్తయు అంతయే. తప్పుచోట ఆగినచో నిర్దోషమైన పద్యమును అపశకునముగా వినబడునని ఆ రోజు నాకు బోధపడినది.

వరుని పెదతండ్రి ఈ పద్యమును విన్నంత, అరుగుపై ప్రక్కకు జరిగి, కాగితమును మోకాలిపై నుంచుకొని వ్రాయసాగెను. ఆయనకు ముందు తెలిసినది ఛందస్సును ప్రాసయును మాత్రమే గదా. తన యింటివారి గొప్పను చెప్పుకొను పద్యము నొకదానిని ముందే సిద్ధము చేసికొనియుండవచ్చును; అది ఈ అభ్యర్థనకు ఉత్తరము కానేరదు. తాంబూలపు పళ్లెములో తమలపాకులు, పోకలు, అరటిపండ్లు, కొబ్బరికాయ, పసుపుకుంకుమలు సర్దుచుండగా ఆయన పద్యము ముగించి వృద్ధుని చేతికిచ్చెను.

తెల్లముగ వింటి మీ నుడిఁ
బిల్లయె మా యింటి వెలుఁగు పెన్నిధి సుండీ!
మెల్లగ మమ్మున్ దిద్దెడి
తల్లిగఁ గొనువార మింటఁ దనయయె యనుచున్.

మొదటి రెండు పాదములు ఏ వియ్యంకుడైనను చెప్పదగిన మాటలే. ఈ పద్యము ప్రాణమంతయు మూడవ పాదమున నున్నది. మెల్లగ దిద్దుకొనుడని అవతలివారు వేడగా, ఈయన ఆ మాటను అట్లే తీసికొని దాని దిశను మార్చెను. దిద్దబడవలసినది పిల్ల యని వారనిరి. దిద్దబడువారము మేమే యని యీయన అనెను. ‘తల్లి’ శబ్దముతో మొదటి పద్యము ఆరంభమైనది. అక్కడ తల్లి ఒడిలో పిల్ల ఆడుచున్నది. రెండవ పద్యము నాలుగవ పాదమున ఆ పిల్లయే తల్లి స్థానమున కూర్చున్నది. పిమ్మట యతివద్ద వృద్ధుడు ఒక్క నిమేషమాగి ‘దనయయె’ అని చదువగా, ఆమెపై భారము మోపెదరేమోయని వినువారికి కలిగిన శంక తీరిపోయినది. గౌరవమున ఆమె తల్లి, లాలనలో కూతురు. నాలుగు పాదములలో ఈ పద్యము చెప్పినంత సమాధానమును వచనము ఎన్ని పుటలలోనైనను చెప్పలేదని నా నమ్మకము.

అంతవరకు ‘అయ్యా’ యని, ‘తమరు’ అని పిలుచుకొనుచున్న ఆ ఇరువురు తండ్రులలో, కన్య తండ్రి లేచి వచ్చి వరుని తండ్రి చేతులు పట్టుకొని ‘బావగారూ’ అనెను. ఆయనయు ‘కూర్చోండి బావగారూ’ యని ప్రక్కన చోటిచ్చెను. వరుస కలుపుకొనుటకు తాంబూలమే చాలునని లోకాచారము. ఆ పిలుపు నోటికి రప్పించినది మాత్రము పద్యమే.

ఈ ఆచారమునకు గల పరిమితిని కూడ చెప్పకున్న న్యాయము కాదు. ముందటి చావడిలో పద్యములు చదువుచు, వెనుకటి గదిలో కట్నపు లెక్కలు తేల్చుకొన్న సభలు లేకపోలేదు. వరకట్ననిషేధశాసనము 1961 లో వచ్చినది. ఆ పిమ్మటను ఆ గదులు మూతపడలేదు. అట్టి చోట పద్యము తెరవలె నిలిచి, లోపలి బేరమును కప్పిపుచ్చును. ఏ పద్యము నిజమైనదో, ఏది తెరయో వినువాడు తెలిసికొనుట ఎట్లు? నాకు తోచిన గుర్తు ఒక్కటి. కేవలస్తుతియైన పద్యమునకు ప్రతిస్తుతి తప్ప ఉత్తరముండదు. ఉభయులును ఒకరినొకరు ఇంద్రచంద్రులని పొగడుకొని, ఎవరును ఏమియు ఒప్పుకొనకయే లేచిపోవచ్చును. ఒకదానిని అడిగిన పద్యమునకు మాత్రము ఉత్తరము తప్పదు. ఆ ఉత్తరము ఔననియో కాదనియో తేలవలెను. అచ్చుపంచరత్నములలో పెక్కింటియందు ఈ అడుగుట లేకపోవుటచేతనే అవి విందుతోపాటే మఱవబడినవి. నిశ్చయపద్యమునకు విలువ దానిలోని అలంకారము వలన కాక, దానిలోని అభ్యర్థన వలనను, ఆ అభ్యర్థనను ఎదుటివాడు అదే ప్రాసలో అంగీకరించుట వలనను కలుగుచున్నది.

ఒక ఆక్షేపణ మిగిలియున్నది. ఈ రెండు పద్యములలోను కన్య మాటాడలేదు. పితామహు డడిగెను, పెదతండ్రి యొప్పుకొనెను, వృద్ధుడు చదివెను. ఎవరిని గూర్చి ఇదంతయు జరిగెనో ఆమె పీటపై తలవంచుకొని వినినది. ఇది ఆ కాలపు లోపమే, దానిని సమర్థింపబోను. కాని ‘మమ్మున్ దిద్దెడి’ యను మాట ఆమె చెవినబడినది గదా. తనకు ఆ యింట దిద్దు అధికారము కలదని నిండుసభలో మెట్టినింటి పెద్దయే ఒప్పుకొనగా విన్న పిల్ల, వినని పిల్లవలె ఆ గడప దాటదు. నేడు ఎవరైనను ఈ యాచారమును పునరుద్ధరింపదలచిన, మూడవ పద్యమొకటి చేర్చుట యుక్తమని నా అభిప్రాయము: అది వధువు చెప్పవలసినది, అదే ప్రాసలో.

పెండ్లి జరిగినది. ఆ యింట కోడలిపై ఎవరైనను గొంతు పెంచినచో, ఆ పెదతండ్రి వేఱొకమాట లేక ‘మెల్లగ’ అని పద్యములోని మాటనే పలికెడివాడు. గొంతు పెంచినవారికి ఆ నాలుగు పాదములును కంఠస్థమగుటచే, తక్కినది ఆయన చెప్పనవసరము లేకుండెను. ఆ కోడలును, మామగారు లెక్కలలో పొరబడినప్పుడు, మెల్లగనే దిద్దెడిది. ఆయన నవ్వి, పద్యములో ముందే ఒప్పుకొంటిమి గదా యనెడివాడు. లగ్నపత్రిక ఆనాటి ముహూర్తము గడచినంతట పెట్టె అడుగునకు చేరినది. దానిని మరల విప్పిచూచిన వారు లేరు. పద్యమునకు కాగితముతో పనిలేకపోయినది.

అందుచే, నిశ్చయపద్యము వ్రాయబూనువారికి నా మనవి యింతే. మీ పాండిత్యమునకు తగిన వృత్తమును కాక, ఇంటిలో అందఱికంటె తక్కువ చదివినవారు పట్టుకొనగల ఛందస్సును ఎన్నుకొనుడు. వియ్యమువారిని ఏదైనను ఒకటి అడుగుడు. వారు ఉత్తరమిచ్చుటకు సుకరమైన ప్రాసనే పంపుడు. మాట నిలుపుకొనవలసినవారికి ఆ మాట నోటికి రానిచో, దానిని ఎంత అందముగ చెప్పినను ప్రయోజనము లేదు.